టీ4 పెరిగినా టీఎస్‌హెచ్ తగ్గకపోతే ఏం చేయాలి

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి వాళ్ల అమ్మతో కలిసి నా దగ్గరికి వచ్చింది. మెడ కింద కాస్త ఉబ్బు ఉంది, గుండె దడగా ఉంటుందట, నాడి చూస్తే నిమిషానికి 104. ఫైలులో పైన ఉన్న రిపోర్టులో ఫ్రీ టీ4 2.8 (నార్మల్ 0.9 నుంచి 1.7), ఫ్రీ టీ3 6.4 (నార్మల్ 2.0 నుంచి 4.4). ఈ రెండూ బోల్డ్ అక్షరాల్లో ఉన్నాయి, పక్కన ‘ఎక్కువ’ అని గుర్తు కూడా ఉంది. కింద లైన్లో టీఎస్‌హెచ్ 3.1 మామూలు అక్షరాల్లో ఉంది, ఏ గుర్తూ లేదు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఊళ్లో చూపించుకున్న చోట థైరాయిడ్ ఎక్కువైందని కార్బిమజోల్ రోజుకు 30 మిల్లీగ్రాములు రాశారు. ఆరు వారాల తర్వాత టీ4 2.1కి దిగింది కానీ టీఎస్‌హెచ్ 11.6కి పెరిగింది. మెడ ఉబ్బు ఇంకా పెద్దదైంది. ఇక రేడియో అయోడిన్ తాగించి థైరాయిడ్‌ను పని చేయకుండా చేద్దామన్నారు. ఆ తేదీకి పది రోజుల ముందు వాళ్లు నా దగ్గరికి వచ్చారు.

ఆ గుర్తు లేని లైనే అసలు విషయం. మీ రిపోర్టులోనో, మీ ఇంట్లోవాళ్ల రిపోర్టులోనో టీ4, టీ3 పెరిగి, టీఎస్‌హెచ్ మాత్రం నార్మల్‌గానో ఎక్కువగానో ఉంటే, కింద చెప్పినట్టు ఒక్కో మెట్టు ఎక్కండి. ఈ పనులన్నీ మీరొక్కరే చేసుకోలేరు, చాలావాటికి డాక్టరు కావాలి. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీకు తెలిసి ఉంటే, చేశాక వెనక్కి తీసుకోలేని ఆపరేషన్ ఒకటి తప్పొచ్చు.

ముందు ఆ మూడు అంకెలను కలిపి చదవండి

మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది టీఎస్‌హెచ్ పంపి థైరాయిడ్ చేత పని చేయిస్తుంది. ఇంటిమీద నీళ్ల ట్యాంకుకు ఫ్లోట్ స్విచ్ పెట్టించుకున్నవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ట్యాంకు నిండగానే స్విచ్ మోటారును ఆపేస్తుంది. అలాగే రక్తంలో థైరాయిడ్ తయారు చేసే టీ4, టీ3 హార్మోన్లు నిండగానే పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను ఆపేస్తుంది. ఈ ఆపడం చాలా కచ్చితంగా జరుగుతుంది. ఒక మనిషిలో ఫ్రీ టీ4 రెట్టింపైతే టీఎస్‌హెచ్ సుమారు వంద వంతుల్లో ఒక వంతుకు పడిపోవాలి.

మామూలుగా మనం చూసే థైరాయిడ్ ఎక్కువ జబ్బు, అంటే గ్రేవ్స్ వ్యాధి, ఇంకో సంగతి. అందులో శరీరమే తయారు చేసిన యాంటీబాడీలు థైరాయిడ్‌ను తోలుతుంటాయి. ట్యాంకు పొంగుతోంది, స్విచ్ మోటారును ఎప్పుడో ఆపేసింది, నీళ్లు మాత్రం వేరే పైపులోంచి వస్తున్నాయి. అందుకే గ్రేవ్స్‌లో టీఎస్‌హెచ్ 0.01 కంటే తక్కువని వస్తుంది. ఆ అమ్మాయి టీ4 నార్మల్ పైఅంచుకు ఒకటిన్నర రెట్లకు పైగా ఉంది. అలాంటప్పుడు టీఎస్‌హెచ్ 3.1 ఉండటం నార్మల్ కానే కాదు. పక్కన రాసిన రేంజిలో ఉన్నంత మాత్రాన అది ఉండాల్సిన చోట ఉన్నట్టు కాదు.

కాబట్టి మొదటి పని ఇది. మూడు పరీక్షలూ ఒకే రోజు, ఒకే రక్తంలో చేసినవేనా చూడండి. టీ4 ఒక నెలలో, టీఎస్‌హెచ్ ఇంకో నెలలో చేసినవైతే వాటిని జత చేసి లెక్క వేయకూడదు. రిపోర్టులో ఉన్నది ఫ్రీ టీ4నా, టోటల్ టీ4నా అన్నదీ చూడండి. ఫ్రీ అంటే ప్రోటీన్‌కు అంటుకోకుండా విడిగా ఉన్నది, టోటల్ అంటే అంటుకున్నదీ విడిగా ఉన్నదీ కలిపి. గర్భం, గర్భనిరోధక మాత్రలు టోటల్ టీ4ను పెంచుతాయి, ఎందుకంటే హార్మోన్‌ను మోసే ప్రోటీన్ పెరుగుతుంది. అలాంటివాళ్లలో ఫ్రీ టీ4 సాధారణంగా మామూలుగానే ఉంటుంది, అదే అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు. మందు మొదలు పెట్టకముందు తీసిన మొట్టమొదటి రిపోర్టును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పారేయకండి. కార్బిమజోల్ వేసుకున్న తర్వాత వచ్చే అంకెల్లో మందు పని కూడా కలిసిపోతుంది, అసలు బొమ్మ కనిపించదు.

తర్వాత, ఏమేం మింగుతున్నారో కాగితం మీద రాయండి

అరుదైన జబ్బు గురించి ఆలోచించేలోపు ఇంట్లో మందుల డబ్బా తెరవాలి. ఈ అంకెలు ఇలా రావడానికి తరచుగా కనిపించే కారణం అందులోనే ఉంటుంది.

థైరాయిడ్ తక్కువని రోజూ లీవోథైరాక్సిన్ మాత్ర వేసుకునేవాళ్లు చాలామంది మధ్యలో మానేస్తారు. పరీక్షకు నాలుగు రోజుల ముందు గుర్తొచ్చి మళ్లీ వేసుకుంటారు, డాక్టరు తిడతారేమోనని ఒక్కోసారి రెండేసి వేసుకుంటారు. రక్తంలో టీ4 వెంటనే పెరుగుతుంది. టీఎస్‌హెచ్ దిగడానికి మాత్రం ఆరు వారాలు పడుతుంది. ఫలితంగా టీ4 ఎక్కువ, టీఎస్‌హెచ్ కూడా ఎక్కువ. పరీక్ష రోజు పొద్దున మాత్ర వేసుకుని రెండు మూడు గంటలకే రక్తం ఇచ్చినా టీ4 కొంత ఎక్కువ చూపిస్తుంది. మీరు ఈ మాత్ర వాడేవాళ్లయితే, ఆరు వారాలు ఒక్క రోజు కూడా తప్పకుండా వేసుకుని, పరీక్ష రోజు మాత్రం రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకుని మళ్లీ చూపించుకోండి. మానేసిన మాట డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడకండి, ఆ ఒక్క మాట ఎమ్మారై ఖర్చును ఆదా చేస్తుంది.

గుండె లయ తప్పినవాళ్లకు ఇచ్చే అమియోడరోన్ టీ4ను పెంచుతుంది, టీ3ని పెంచదు, మొదటి నెలల్లో టీఎస్‌హెచ్ కొంచెం పెరగొచ్చు. జుట్టు రాలుతోందని వాడే బయోటిన్ మాత్రల్లో 5, 10 మిల్లీగ్రాముల మోతాదు మామూలే. అది శరీరంలో ఏ హార్మోన్‌నూ మార్చదు, పరీక్ష చేసే యంత్రాన్ని మాత్రం మోసం చేస్తుంది. చాలా యంత్రాల్లో బయోటిన్ వల్ల టీ4 ఎక్కువగా, టీఎస్‌హెచ్ తక్కువగా కనిపిస్తాయి, అంటే అచ్చం గ్రేవ్స్‌లాగే ఉంటుంది. కానీ టీ4 పరీక్షలో మాత్రమే బయోటిన్ పద్ధతి వాడే యంత్రమైతే, టీ4 ఒక్కటే పెరిగి టీఎస్‌హెచ్ నార్మల్‌గా వస్తుంది. కనీసం రెండు రోజులు ఆపి మళ్లీ ఇవ్వండి. పెద్ద మోతాదు వాడుతున్నవాళ్లు ఇంకా ఎక్కువ రోజులు ఆపాలి. ఆసుపత్రిలో చేరి హెపారిన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నప్పుడు చేసిన ఫ్రీ టీ4ను కూడా నమ్మకూడదు.

ఆ అమ్మాయి కార్బిమజోల్ తప్ప ఏమీ వాడటం లేదు. దాన్ని ఆపి, దడకు ప్రొప్రనలాల్ ఇచ్చి, ఆరు వారాలు ఆగాం. వాళ్ల అమ్మకు చాలా టెన్షన్. ‘ఎక్కువుందని మందిచ్చారు, మీరేమో ఆపమంటున్నారు’ అంది. ఆగకపోతే తర్వాత చేసే ఏ పరీక్షకూ అర్థం ఉండదని కూర్చోబెట్టి చెప్పాను. కార్బిమజోల్ వేసుకుంటున్న మీ చేతిలో ఇదే రిపోర్టు ఉంటే, మీ అంతట మీరే ఆపొద్దు, మీ డాక్టరుతో మాట్లాడండి. నిజంగా గ్రేవ్స్ ఉన్నవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం.

యంత్రం అబద్ధం చెప్పడం లేదని రుజువు చేసుకోండి

ఆరు వారాల తర్వాత టీ4 2.7, టీఎస్‌హెచ్ 3.4. అంకెలు నిలకడగా ఉన్నాయి. అయినా ఇంకా జబ్బు పేరు చెప్పలేదు. అదే రక్తాన్ని వేరే కంపెనీ యంత్రం మీద చేయించాం.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఒక ల్యాబ్‌లో ఇచ్చి, వీధి అవతల ఇంకో కలెక్షన్ సెంటర్‌లో ఇచ్చి, రెండుచోట్లా ఒకే ఫలితం వచ్చిందని నమ్ముతారు. చాలా కలెక్షన్ సెంటర్ల నుంచి రక్తం ఒకే పెద్ద ల్యాబ్‌కు వెళ్తుంది. పేర్లు వేరైనా రెండు ల్యాబ్‌ల దగ్గరా అదే కంపెనీ యంత్రం ఉండొచ్చు. కౌంటర్లో అడగండి: ‘థైరాయిడ్ పరీక్ష ఏ కంపెనీ యంత్రం మీద చేస్తారు, శాంపిల్ ఎక్కడికి పంపుతారు?’ అని. చెప్పడానికి వాళ్లకు అభ్యంతరం ఉండదు. తప్పుడు ఫలితానికి కారణమయ్యే యాంటీబాడీ ఒక కంపెనీ రసాయనాలతో గొడవ పెట్టుకుని, ఇంకో కంపెనీవాటితో మామూలుగా ఉండొచ్చు. అందుకే యంత్రం మారాలి.

టీఎస్‌హెచ్‌ను పరీక్షించడానికి ల్యాబ్‌వాళ్లు ఒక సులువైన పని చేస్తారు. రక్తాన్ని రెండింతలు, ఐదింతలు పలుచన చేసి మళ్లీ కొలుస్తారు. నిజమైన టీఎస్‌హెచ్ అయితే అంకె అదే లెక్కలో సగానికి, ఐదో వంతుకు దిగుతుంది. అడ్డొచ్చే యాంటీబాడీ ఉంటే ఆ లెక్క తప్పుతుంది. అమ్మాయి రక్తంలో లెక్క సరిగ్గా కుదిరింది, రెండో యంత్రం మీద టీ4 2.6 వచ్చింది.

టీ4 వైపు కూడా ఒక వల ఉంది. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ టీ4ను గట్టిగా పట్టుకునేలా ఉంటుంది. వాళ్లకు జబ్బేమీ ఉండదు, ఏ లక్షణమూ ఉండదు, కానీ మామూలు యంత్రాలు ఫ్రీ టీ4 ఎక్కువని చూపిస్తాయి. గుర్తు పట్టే మార్గం: టీ4 బాగా ఎక్కువ, ఫ్రీ టీ3 చాలావరకు నార్మల్, నాడి మామూలు. ఈక్విలిబ్రియం డయాలసిస్ అనే పద్ధతిలో ఫ్రీ టీ4 కొలిస్తే నార్మల్ అని తేలుతుంది. ఆ పరీక్ష అన్నిచోట్లా దొరకదు, పెద్ద ల్యాబ్‌లు బయటికి పంపి చేయిస్తాయి. ఇది కూడా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేదే. అందువల్ల కుటుంబంలో ఇంకొకరికి టీ4 ఎక్కువుందని తెలిసినంత మాత్రాన జబ్బు ఖాయం అనుకోకూడదు. మన అమ్మాయికి టీ3 కూడా గట్టిగా పెరిగింది, కాబట్టి ఈ దారి మూసుకుపోయింది.

ఇప్పుడు మాత్రమే మిగిలినవి రెండు. ఒకటి థైరాయిడ్ హార్మోన్ మాట శరీరం సరిగా వినకపోవడం, అంటే హార్మోన్ రెసిస్టెన్స్. రెండోది పిట్యూటరీలో టీఎస్‌హెచ్ తయారు చేసే గడ్డ. మొదటిదాంట్లో ట్యాంకులో నీళ్లున్నా స్విచ్‌కు తెలియడం లేదు. రెండోదాంట్లో ఎవరో స్విచ్‌ను దాటేసి మోటారుకు నేరుగా కరెంటు ఇచ్చేశారు. బయటికి అంకెలు ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం పూర్తిగా వేరు.

ఇంటి మనుషుల పటం గీయండి

ఇది ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న మెట్టు. ఒక తెల్ల కాగితం మీద అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామలు, మేనత్తలు, తాతలు, అమ్మమ్మ, నానమ్మ అందరినీ గీసి, ఒక్కొక్కరి దగ్గర రాయండి: మెడ దగ్గర గడ్డ ఉందా, థైరాయిడ్ ఆపరేషన్ అయిందా, రేడియో అయోడిన్ తాగారా, చిన్న వయసులో గుండె దడ ఉందా, చదువులో కుదురు లేదని అన్నారా.

హార్మోన్ రెసిస్టెన్స్‌ను మొదట 1967లో శామ్యూల్ రెఫెటాఫ్, ఆయన సహచరులు అమెరికాలో ఒకే ఇంటి తోబుట్టువుల్లో వర్ణించారు. 1989లో కారణం దొరికింది. మూడో క్రోమోజోము మీద ఉన్న టీహెచ్‌ఆర్‌బీ అనే జన్యువులో తేడా. థైరాయిడ్ హార్మోన్ కణంలోకి వెళ్లి పట్టుకునే రిసెప్టర్ తయారయ్యేది ఆ జన్యువుతోనే. మనకు ఆ జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి పాడైతే అది ఊరుకోదు, బాగున్న రెండోదాన్ని కూడా పని చేయనివ్వదు. అందుకే తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. నవజాత శిశువుల పరీక్షల లెక్కల ప్రకారం సుమారు 40,000 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. కొందరిలో తల్లిదండ్రులకు లేకుండా కొత్తగా కూడా పుడుతుంది, అందుకని పటం ఖాళీగా ఉన్నా ఈ జబ్బు లేదని చెప్పలేం.

పటం గీస్తుండగా వాళ్ల అమ్మ తన చీర కొంగు పక్కకు జరిపి మెడ మీద పాత కుట్ల గీత చూపించింది. పెళ్లయిన కొత్తలో ‘థైరాయిడ్ ఎక్కువ’ అని గ్రంథి తీసేశారట. అప్పటి నుంచి రోజుకు 250 మైక్రోగ్రాముల మాత్ర, ఇంత వేసుకున్నా టీఎస్‌హెచ్ దిగదని ప్రతి డాక్టరూ ‘మీరు మాత్ర సరిగా వేసుకోవడం లేదు’ అన్నారట. ఆమె ఒక్క రోజు కూడా మానలేదు. ఇరవై ఏళ్లుగా ఆ మాట పడుతూ వచ్చింది. అమ్మాయి తమ్ముడికి 17 ఏళ్లు, క్లాసులో ఒకచోట కూర్చోడని చిన్నప్పటి నుంచి ఫిర్యాదులే. అతని రక్తం తీస్తే టీ4 2.5, టీఎస్‌హెచ్ 2.6.

ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత

ఇక్కడ తొందరపడి ఎమ్మారై తీయించుకునేవాళ్లు ఎక్కువ. ఎమ్మారైలో ఏదో చిన్న చుక్క కనిపిస్తే కథ అక్కడే తప్పుదారి పడుతుంది. ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్లో కూడా దాదాపు పది మందిలో ఒకరికి పిట్యూటరీలో హాని లేని చిన్న గడ్డ కనిపిస్తుంది. హార్మోన్ రెసిస్టెన్స్ ఉన్న మనిషికి కూడా అలాంటి చుక్క ఉండొచ్చు. దాన్ని చూసి ఆపరేషన్ చేస్తే గడ్డ పోతుంది, టీ4 మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి కుటుంబంలో ఇంకొకరికి ఇవే అంకెలుంటే జన్యు పరీక్షే ముందు. కుటుంబంలో ఎవరికీ లేకపోతే జన్యు పరీక్ష, ఎమ్మారై రెండూ కావాలి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. తలనొప్పి, చూపు తేడా ఉన్నవాళ్లు మాత్రం ఎమ్మారై ఆలస్యం చేయకూడదు, ఆ సంగతి కింద చెబుతాను.

రెండింటినీ వేరు చేయడానికి రెండు మామూలు రక్తపరీక్షలు బాగా పనికొస్తాయి. ఒకటి ఎస్‌హెచ్‌బీజీ. కాలేయం తయారు చేసే ప్రోటీన్ ఇది, థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే పెరుగుతుంది. పిట్యూటరీ గడ్డ ఉన్నవాళ్లలో కాలేయం హార్మోన్ మాట వింటుంది, కాబట్టి ఇది ఎక్కువగా వస్తుంది. రెసిస్టెన్స్‌లో కాలేయం కూడా వినదు, కాబట్టి నార్మల్‌గా ఉంటుంది. అయితే గర్భనిరోధక మాత్రలు దీన్ని పెంచుతాయి, పీసీఓడీ, ఒళ్లు ఎక్కువ ఉండటం తగ్గిస్తాయి. అవి ఉంటే డాక్టరుకు చెప్పాలి. గుండె మాత్రం రెండు జబ్బుల్లోనూ హార్మోన్ మాట వింటుంది, ఎందుకంటే గుండెలో ఉన్నది వేరే రకం రిసెప్టర్, అది పాడవలేదు. అందుకే రెసిస్టెన్స్ ఉన్న అమ్మాయికి కూడా దడ వచ్చింది. దడ ఉంది కాబట్టి ఇది రెసిస్టెన్స్ కాదు అని కొట్టేయకూడదు.

రెండోది ఆల్ఫా సబ్‌యూనిట్. టీఎస్‌హెచ్ రెండు ముక్కలు కలిసి అవుతుంది, గడ్డలు చాలావాటిలో ఆల్ఫా ముక్క మిగులుగా తయారై రక్తంలోకి కారుతుంది. లెక్క ఇలా: ఆల్ఫా సబ్‌యూనిట్ లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో దాన్ని టీఎస్‌హెచ్‌తో భాగించి, పదితో గుణించాలి. జవాబు 1 కంటే ఎక్కువైతే గడ్డ వైపు మొగ్గు. అమ్మాయికి ఆల్ఫా 0.3, టీఎస్‌హెచ్ 3.4. భాగించి గుణిస్తే సుమారు 0.9. ఎస్‌హెచ్‌బీజీ నార్మల్. రెండూ రెసిస్టెన్స్ వైపే చూపించాయి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఆల్ఫా ముక్క వేరే హార్మోన్ల వల్ల సహజంగానే ఎక్కువుంటుంది, వాళ్లకు ఈ లెక్క ఇలాగే వేస్తే పప్పులో కాలేసినట్టే. చిన్న గడ్డల్లో ఆల్ఫా నార్మల్‌గా కూడా ఉంటుంది.

జన్యు పరీక్షకు చేతి నుంచి కాస్త రక్తం చాలు. టీహెచ్‌ఆర్‌బీ మొత్తం చదవమని రాయించుకోండి. అమ్మాయికి, అమ్మకు, తమ్ముడికి ముగ్గురికీ ఒకే చోట ఒకే తేడా దొరికింది. ఎమ్మారై అవసరం రాలేదు. రెసిస్టెన్స్‌లాగే ఉండి కూడా కొన్ని కుటుంబాల్లో ఈ జన్యువులో ఏమీ దొరకదు. అప్పుడు పై పరీక్షల మీదే ఆధారపడాలి.

అప్పటికీ తేలకపోతే ఆసుపత్రిలో చేసే పరీక్షలు ఉన్నాయి. పిట్యూటరీ చేత టీఎస్‌హెచ్‌ను విడుదల చేయించే టీఆర్‌హెచ్ ఇంజెక్షన్ ఇచ్చి టీఎస్‌హెచ్ ఎంత పెరుగుతుందో చూస్తారు. రెసిస్టెన్స్‌లో పెరుగుతుంది, గడ్డలో చాలావరకు కదలదు. ఆ ఇంజెక్షన్ చాలాచోట్ల దొరకదు. టీ3 మాత్రలు రోజుకు 80 నుంచి 100 మైక్రోగ్రాములు ఎనిమిది నుంచి పది రోజులు ఇచ్చి టీఎస్‌హెచ్ పూర్తిగా ఆగుతుందా అని చూసే పరీక్ష ఇంకొకటి. గడ్డ ఉంటే పూర్తిగా ఆగదు. ముసలివాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇది చేయకూడదు, ఇంట్లో సొంతంగా అసలే చేయకూడదు.

పిట్యూటరీ గడ్డ అయితే

ఇది రెసిస్టెన్స్ కంటే కూడా అరుదు, పది లక్షల మందిలో ఒకరు అనే లెక్క. కుటుంబాల్లో సాధారణంగా రాదు. టీ4 పెరిగిన లక్షణాలతో పాటు, లేదా వాటికంటే ముందే, గడ్డ పెరిగి పక్కనున్న కంటి నరాలను నొక్కుతుంది. చూపు మధ్యలో బాగానే ఉంటుంది, రెండు పక్కలా పోతుంది. బండి నడుపుతుంటే పక్కనుంచి వచ్చేవాళ్లు చివరి క్షణం దాకా కనిపించకపోవడం, గుమ్మం దాటేటప్పుడు భుజం తలుపుకు కొట్టుకోవడం, అన్నం వడ్డించేటప్పుడు పళ్లెం అంచు దాటి పడటం, ఇలాంటివి ఉంటే అదే వారంలో కంటి డాక్టరు దగ్గర ఫీల్డ్ పరీక్ష చేయించుకోండి. ఒక కన్ను మూసి, ఎదురుగా కూర్చున్నవాళ్ల ముక్కు వైపే చూస్తూ, పక్కనుంచి వాళ్లు కదిలించే వేలు ఎప్పుడు కనిపిస్తుందో ఇంట్లోనే చూడొచ్చు. తేడా కనిపించకపోయినా అది అసలు పరీక్షకు బదులు కాదు. ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం వస్తే గడ్డలో రక్తం చేరినట్టు కావచ్చు, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఈ గడ్డలు కొన్ని ఒకటి కంటే ఎక్కువ హార్మోన్లు చేస్తాయి. చెప్పుల సైజు పెరగడం, ఉంగరం బిగుసుకుపోవడం గ్రోత్ హార్మోన్ గుర్తులు. నెలసరి ఆగడం, బిడ్డకు పాలిచ్చే సమయం కాకపోయినా రొమ్ముల్లో పాలు రావడం ప్రొలాక్టిన్ గుర్తులు. అందుకని గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే పెరిగే ఐజీఎఫ్-1, ప్రొలాక్టిన్ కూడా ఒకసారి చేయించాలి.

వైద్యం ముక్కు ద్వారా చేసే ఆపరేషన్. అలాంటివి తరచుగా చేసే న్యూరోసర్జన్ దగ్గరే చేయించుకోండి, ‘ఏడాదికి పిట్యూటరీ ఆపరేషన్లు ఎన్ని చేస్తారు’ అని అడగడం తప్పు కాదు. ఆపరేషన్ ముందు ఆక్ట్రియోటైడ్ లేదా లాన్రియోటైడ్ ఇంజెక్షన్లతో టీ4ను చాలామందిలో నార్మల్‌కు తెస్తారు. ఆపరేషన్ తర్వాత వారానికి టీఎస్‌హెచ్ కొలిస్తే దాదాపు సున్నాకు పడి ఉండటం మంచి సూచన. గడ్డ పూర్తిగా పోయింది, ఇన్నాళ్లూ అణిగి ఉన్న మంచి కణాలు ఇంకా మేలుకోలేదు అని అర్థం. కొన్నాళ్లు థైరాయిడ్ మాత్ర అవసరం పడొచ్చు. గడ్డను గుర్తించకుండా థైరాయిడ్‌ను తీసేస్తే మాత్రం ఆ గడ్డ ఇంకా వేగంగా పెరిగే ప్రమాదం ఉంది.

రెసిస్టెన్స్ అయితే

థైరాయిడ్‌ను తగ్గించే మందులు వద్దు, రేడియో అయోడిన్ వద్దు, ఆపరేషన్ వద్దు. ఆ ఎక్కువ టీ4 శరీరం తనకు తానుగా సర్దుకున్న సర్దుబాటు. వినని చెవికి గట్టిగా చెప్పినట్టు, ఎక్కువ హార్మోన్‌తో పని నడుపుకుంటోంది. దాన్ని నార్మల్ అంకెకు దించితే కాలేయానికి, పిట్యూటరీకి హార్మోన్ తక్కువైనట్టే. అందుకే కార్బిమజోల్ ఇచ్చినప్పుడు టీఎస్‌హెచ్ 11.6కి పోయింది, ఆ టీఎస్‌హెచ్ మెడలో గ్రంథిని ఇంకా పెంచింది. చాలామందికి ఏ మందూ అవసరం ఉండదు. దడకు ప్రొప్రనలాల్ లేదా అటెనలాల్ చాలు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రొప్రనలాల్ పనికిరాదు, ముందే చెప్పండి. ఏటా ఒకసారి ఈసీజీ, నాడి చూపించుకోవాలి, ఎందుకంటే వయసు పెరిగేకొద్దీ గుండె లయ తప్పే అవకాశం ఉంటుంది. పిల్లల్లో చెవి పరీక్ష, చదువులో కుదురు గురించి ఒకసారి నిపుణులతో మాట్లాడటం అవసరం.

వాళ్ల అమ్మలాగా ఇప్పటికే గ్రంథి తీసేసినవాళ్లకు లెక్క మారుతుంది. మామూలు మోతాదు చాలదు. టీఎస్‌హెచ్ నార్మల్‌కు దగ్గరగా వచ్చేదాకా, గుండె తట్టుకుంటుందా అని చూసుకుంటూ, నెమ్మదిగా మాత్ర పెంచుకుంటూ పోవాలి. అప్పుడు ఫ్రీ టీ4 ఎక్కువగానే కనిపిస్తుంది, దాన్ని చూసి ఎవరూ మాత్ర తగ్గించకూడదు. ఆమెకు ఈ మాట చెప్పినప్పుడు, ‘అంటే నేను మాత్రలు సరిగ్గానే వేసుకున్నట్టు మీరు రాసిస్తారా’ అని అడిగింది. రాసిచ్చాను.

పెళ్లయి పిల్లలు కావాలనుకునే రోజు వస్తే ఇంకో జాగ్రత్త ఉంది. తల్లికి రెసిస్టెన్స్ ఉండి, కడుపులో బిడ్డకు లేకపోతే, తల్లి ఎక్కువ హార్మోన్ బిడ్డకు నిజంగానే ఎక్కువవుతుంది. అలాంటి బిడ్డలు తక్కువ బరువుతో పుట్టడం, గర్భస్రావాలు ఎక్కువగా ఉండటం చూశారు. కాబట్టి గర్భం రాకముందే హార్మోన్ల డాక్టరును, గైనకాలజిస్టును కలపాలి. పుట్టిన బిడ్డకు మడమ నుంచి రక్తం తీసి చేసే పరీక్షలో టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే ఈ జబ్బు దొరకదు, ఎందుకంటే అది నార్మల్‌గానే ఉంటుంది. టీ4 కూడా చేయమని పిల్లల డాక్టరుకు ముందే చెప్పాలి.

చివరగా, ఇంటికి వెళ్లేముందు డాక్టరు దగ్గర ఒక కార్డు రాయించుకుని పర్సులో పెట్టుకోండి, ఫోన్లో ఫోటో తీసుకోండి. కొత్త ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసిన ప్రతిసారీ టీ4 ఎక్కువ అని బోల్డ్ అక్షరాల్లో వస్తూనే ఉంటుంది, మందు రాయాలని ఎవరో ఒకరు అనుకుంటూనే ఉంటారు. ఆ అమ్మాయి కార్డు మీద ఇలా రాశాను: ‘ఈమెకు థైరాయిడ్ హార్మోన్ రెసిస్టెన్స్ ఉంది, జన్యు పరీక్షలో తేలింది. టీ4, టీ3 ఎప్పుడూ ఎక్కువగానే ఉంటాయి. టీఎస్‌హెచ్ చూడకుండా కార్బిమజోల్ మొదలు పెట్టవద్దు. రేడియో అయోడిన్, ఆపరేషన్ చేయవద్దు. దడ ఉంటే బీటా బ్లాకర్ ఇవ్వవచ్చు.’ కింద ఆమె మొట్టమొదటి రిపోర్టులోని మూడు అంకెలూ, తేదీ వేశాను. తమ్ముడికి కూడా అలాంటిదే ఇంకొకటి రాసిచ్చాను.